బేరం చాలాదూరం వచ్చాక సప్లయర్‌కి "వద్దు" అని ఎలా రాయాలి? (అట్టపెట్టెల కొటేషన్)

తణుకు_పచ్చళ్ళు

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర చిన్న పచ్చళ్ళ యూనిట్. ఆవకాయ, మాగాయ, గోంగూర అరకిలో గాజు సీసాల్లో పెట్టి, పన్నెండేసి సీసాలు ఒక అట్టపెట్టెలో సర్ది హైదరాబాద్, బెంగళూరు షాపులకి పంపుతాం. సంక్రాంతి నుంచి విజయవాడలో ఒక పెట్టెల ఫ్యాక్టరీ ఆయనతో బేరం నడుస్తోంది. ఐదు పొరల పెట్టె, లోపల సీసాల మధ్య అరల అట్ట. మొదట పెట్టెకి 46 రూపాయలన్నారు, తగ్గుతూ తగ్గుతూ 39.50కి వచ్చారు. ఆయన స్వయంగా మా యూనిట్‌కి వచ్చి సీసాలు కొలుచుకుని వెళ్ళారు, శాంపిల్ పెట్టెలు చేయించారు, ఒకసారి అరలు నలిగిపోతే మళ్ళీ మందం అట్టతో చేసి పంపారు.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక్కో లోడుకి 3000 పెట్టెలు దించుకోవాలంటారు. మాకున్న గదిలో 800 పెడితే ఇంక మనిషి తిరగలేడు, పైగా వానాకాలం వస్తే అట్ట తేమ పీల్చి మెత్తబడిపోతుంది, కింది వరుస పెట్టెలు కూర్చుండిపోతాయి. రెండోది, క్రాఫ్ట్ పేపర్ రేటు మారితే పెట్టె రేటు కూడా మారుతుంది అని కొటేషన్ కింద రాశారు. ఇప్పుడు రాజమండ్రి వాళ్ళు 40.25కి ఒప్పుకున్నారు. 75 పైసలు ఎక్కువే, కానీ 500 చొప్పున తెచ్చి దించుతారు, సీజన్ అయ్యేదాకా రేటు మార్చరు. మేం వాళ్ళకే ఇద్దామని నిర్ణయించుకున్నాం.

విజయవాడ ఆయన మంచి మనిషి. బాధపెట్టకుండా, మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే ఫోన్ చేసేలా ఉండాలి. నేను ఇలా రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు:

"నమస్కారం అండి. మీరు ఇన్ని రోజులు మా కోసం ఎంతో శ్రమపడ్డారు. మీ పెట్టెలు చాలా బాగున్నాయి. కానీ ప్రస్తుతానికి మా ఇంట్లో వాళ్ళు రేటు కొంచెం ఎక్కువ అనుకుంటున్నారు. కొన్నాళ్ళు ఆగి చూద్దాం అనుకుంటున్నాం. మీరు ఏమీ అనుకోవద్దు. తప్పకుండా మళ్ళీ మాట్లాడుకుందాం."

ఇది సరిపోతుందా?

నెల్లూరు_మిల్లు

మేడమ్, ఇందులో మొహమాటం ఏముంది. సరుకు దించేటప్పుడే చూసి నచ్చకపోతే చలానా మీద రాసి వెనక్కి పంపేయాలి, దించుకున్నాక అయితే డెబిట్ నోట్ ఇవ్వాలి. మాకు పోయిన ఏడాది గోనె సంచులు ఇలాగే వచ్చాయి, కుట్లు ఊడిపోతున్నాయి. వెంటనే ఫోటోలు తీసి పంపితే సగం లోడు వెనక్కి తీసుకెళ్ళారు. మీరు కూడా ముందు నలిగిన పెట్టెల ఫోటోలు తీసి పెట్టుకోండి.

తణుకు_పచ్చళ్ళు

అన్నగారూ, ఇంకా సరుకు ఏదీ రాలేదు, ఆర్డరే ఇవ్వలేదు. నలిగింది శాంపిల్‌లో మాత్రమే, అది కూడా ఆయనే సరిచేశారు. కొటేషన్‌కి వద్దని చెప్పాలి, అంతే.

లా_సెకండియర్

పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓ ఇవ్వలేదు, ఎక్కడా సంతకం లేదు. అప్పుడు మీ మీద ఏ బాధ్యతా లేదండి. నిజానికి జవాబు ఇవ్వకపోయినా ఏమీ కాదు, మౌనంగా ఉంటే అంగీకరించినట్టు అని చట్టం అనదు. ఎక్కువ రాసేకొద్దీ ఎక్కువ ఇరుక్కుంటారు. "థ్యాంక్స్, నాట్ ఇంట్రెస్టెడ్" అని ఒక్క ముక్క పెట్టి వదిలేయండి, లేదా అదీ పెట్టకండి.

జీడిమెట్ల_పర్చేజ్

నేను మందుల కంపెనీల్లో కొనుగోళ్ళ విభాగంలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఇలాంటి ఉత్తరాలు చాలా రాశాను, కిందివాళ్ళు రాసినవి దిద్దాను కూడా. అమ్మా, మీ మెసేజ్‌లో మర్యాద ఉంది, కానీ "వద్దు" అనే మాట లేదు. ఆయన వైపు నుంచి ఒకసారి చదివి చూడండి.

"ప్రస్తుతానికి", "కొన్నాళ్ళు ఆగి చూద్దాం", "మళ్ళీ మాట్లాడుకుందాం". ఈ మూడూ చదివిన సప్లయర్‌కి అర్థమయ్యేది ఒకటే, బేరం ఇంకా తెగలేదు, ఇంకొంచెం దిగితే ఆర్డర్ వస్తుంది అని. వచ్చే వారం ఫోన్ చేస్తారు, ఆ పై వారం చేస్తారు, మీరు ఎత్తడానికి ఇబ్బంది పడతారు. అక్కడే సంబంధం చెడుతుంది, "వద్దు" అన్నందుకు కాదు.

దానికంటే పెద్ద చిక్కు "రేటు కొంచెం ఎక్కువ" అన్నది. అది నిజం కాదు కదా, మీరు వెళ్ళేదే ఎక్కువ రేటుకి. రేపు ఆయన ఫోన్ చేసి "సరే అమ్మా, 38కి ఇస్తాను" అంటే ఏం చెప్తారు? "మాకు గది చిన్నదండి" అంటారు. అప్పుడు ఆయనకి మొదటి మాట సాకు అని తెలిసిపోతుంది. నేను పిల్లలకి చెప్పే పరీక్ష ఇదే: మీరు రాసిన కారణాన్ని ఆయన రేపు పొద్దున్నే తీర్చేస్తే ఆర్డర్ ఇస్తారా? ఇవ్వరంటే అది మీ అసలు కారణం కాదు, రాయకండి.

"ఇంట్లో వాళ్ళు" కూడా తీసేయండి. నిర్ణయం యూనిట్‌ది. ఇంట్లో వాళ్ళ మీద పెడితే ఆయన మీ మావగారికో ఆయనకో ఫోన్ చేస్తారు.

ఇక లా చదువుతున్న తమ్ముడికి. మౌనం అంగీకారం కాదన్నది నిజమే. కానీ పీఓ, సంతకం లేకపోతే ఒప్పందమే ఉండదు అన్నది మాత్రం పూర్తిగా నిజం కాదు. 2010లో సుప్రీంకోర్టు ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో ఇదే తేల్చింది. బాక్సైట్ సరఫరా మీద 2007 అక్టోబర్‌లో ఈమెయిళ్ళు నడిచాయి, ఐదు షిప్‌మెంట్ల డీల్ ఖాయం అని కొనేవాళ్ళ నుంచి మెయిల్ వెళ్ళింది. తర్వాత ఫార్మల్ కాంట్రాక్ట్ మీద సంతకాలు కాలేదు కాబట్టి ఒప్పందం లేదని వాళ్ళు వాదించారు. ముఖ్యమైన షరతులన్నీ మెయిళ్ళలో కుదిరిపోయాక, కాగితం తర్వాత తయారు కావాల్సి ఉందన్నంత మాత్రాన ఒప్పందం పోదు అని కోర్టు చెప్పింది. అందుకని అమ్మా ఒక్క విషయం చెప్పండి. ఈ నెలల్లో మీ వైపు నుంచి వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ "ఓకే", "ఖాయం" లాంటి మాట ఏదైనా వెళ్ళిందా?

తణుకు_పచ్చళ్ళు

మా బావగారు ఒక మెసేజ్ పెట్టారండి. ఇప్పుడే తీసి చూశాను. "39.50 ఓకే అండి. క్వాంటిటీ, డెలివరీ కూర్చుని మాట్లాడుకుందాం" అని ఉంది. దానికి ఆయన నమస్కారం బొమ్మ పెట్టారు. ఇప్పుడు నాకు టెన్షన్ మొదలైంది.

జీడిమెట్ల_పర్చేజ్

టెన్షన్ పడాల్సింది లేదు. ఆ రెండో వాక్యం మిమ్మల్ని కాపాడుతుంది. కాంట్రాక్ట్ చట్టం 1872లో సెక్షన్ 7 ఏం చెప్తుందంటే, అంగీకారం షరతుల్లేకుండా పూర్తిగా ఉండాలి. మీరు ఒప్పుకున్నది రేటు ఒక్కటే, ఎన్ని పెట్టెలు, ఎప్పుడు, ఎలా దించాలి అన్నవి తేలలేదు, అవే చివరికి తేలక ఆగిపోయింది. నా అనుభవంలో దీన్ని ఎవరూ ఒప్పందం అనరు. కానీ ఆ మెసేజ్ ఆయన మనసులో మాత్రం "రేటు అయిపోయింది, ఇక ఆర్డరే" అని నాటుకుని ఉంటుంది. అందుకే జవాబు ఇవ్వకుండా వదిలేయడం మీ విషయంలో కుదరదు. మీ ఉత్తరంలో "రేటు గురించి వాట్సాప్‌లో చెప్పింది ఆర్డర్ కాదు, మన మధ్య ఎలాంటి ఒప్పందం లేదు" అని ఒక వాక్యం ఉండాలి.

లా_సెకండియర్

ట్రైమెక్స్ కేసు మాకు ఇంకా చెప్పలేదండి, చదువుతాను. అయినా 3000 పెట్టెలకి ఎవరు కోర్టుకి వెళ్తారు?

ఆటోనగర్_డబ్బాలు

నేను అవతలి వైపు మనిషిని, విజయవాడలోనే చిన్న పెట్టెల ప్లాంట్ ఉంది. (మేడమ్ చెప్తున్న ఆయన్ని నేను కాదు, మా మినిమం అంత ఉండదు.) కోర్టు సంగతి కాదు తమ్ముడూ, మేం ఆర్డర్ వస్తుందనుకుంటే ఏం చేస్తామో చెప్తాను. పెట్టె సైజుని బట్టి ఎంత వెడల్పు రీలు అయితే వేస్ట్ తక్కువ పోతుందో లెక్క వేసి, పేపర్ మిల్లుకి ఆ డెకిల్‌లో రీళ్ళు చెప్తాం. ఆ వెడల్పు వేరే పార్టీ పెట్టెకి అన్నిసార్లూ కలవదు. వేసవిలో మామిడి పెట్టెల వాళ్ళు, పచ్చళ్ళ వాళ్ళు, జ్యూస్ వాళ్ళు అందరూ ఒకేసారి పడతారు. అప్పుడు మెషిన్ మీద మీ కోసం రెండు రోజులు ఖాళీ పెట్టుకుంటే, ఇంకో పార్టీని తిప్పి పంపినట్టే. మాకు "వద్దు" అన్న మాట పెద్ద దెబ్బ కాదు, రోజూ వినేదే. రెండు వారాలు ఆలస్యంగా వినడం దెబ్బ.

జీడిమెట్ల గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, "ఎలాంటి ఒప్పందం లేదు" అన్న వాక్యం నాకు వస్తే లాయర్ నోటీసు వచ్చినట్టు ఉంటుంది. నెలల తరబడి శాంపిళ్ళు మోసినవాడికి అలా రాయకూడదు. అదే విషయాన్ని నాకు పనికొచ్చేలా చెప్పొచ్చు. "మన మధ్య ఆర్డర్ ఏదీ పెండింగ్‌లో లేదు కాబట్టి మా కోసం పేపర్ తెప్పించవద్దు, మెషిన్ ఆపుకోవద్దు" అంటే సరిపోతుంది కదా. మీక్కావలసిన మాట అందులో ఉంది, నాకు మేలు చేసే మాట కూడా ఉంది.

జీడిమెట్ల_పర్చేజ్

ఒప్పుకుంటున్నాను. మీ వాక్యమే బాగుంది, అదే పెట్టండమ్మా.

గచ్చిబౌలి_ఫుడ్స్

నేనూ చిన్న స్నాక్స్ బ్రాండ్ నడుపుతాను. ఒక డౌట్. అసలు కారణం "500 చొప్పున కావాలి" అని రాస్తే, ఆయన "సరే, 3000 చేసి మా గోడౌన్‌లోనే పెట్టి 500 చొప్పున పంపుతాను" అంటే? అప్పుడు జీడిమెట్ల గారి పరీక్షలో ఇదీ ఫెయిలే కదా. మాకు పౌచ్‌ల వాళ్ళతో అచ్చం ఇలాగే అయింది, కారణం చెప్పాం, ఆయన దాన్ని తీర్చేశాడు, మళ్ళీ మొదటి నుంచి బేరం.

తణుకు_పచ్చళ్ళు

అది అడిగేశామండి. ఆయన గోడౌన్‌లో పెట్టడానికి సగం డబ్బు ముందు కట్టమన్నారు. తప్పు లేదు, ఆయన డబ్బు అక్కడ ఆగిపోతుంది. కానీ మేం షాపుల నుంచి డబ్బు తిరిగి రావడానికే నెల పైన చూస్తాం, అంత ముందు పెట్టలేం. ఆ మాట ఆయనకీ చెప్పాం.

జీడిమెట్ల_పర్చేజ్

అయితే దారులన్నీ చూశారు, ఇక వాయిదా వేయకండి. గచ్చిబౌలి గారి ప్రశ్న మంచిది. కారణం ఒక్కటే రాసి వదిలేస్తే అది బేరానికి కొత్త మెట్టు అవుతుంది. అందుకే కారణం కంటే ముందు నిర్ణయం రావాలి, అది జరిగిపోయిన పనిలా ఉండాలి. "ఈ సీజన్ ఆర్డర్ వేరేవాళ్ళకి ఇచ్చాం" అని మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయాలి. ఆ తర్వాత రాసే కారణం వివరణగా చదువుకుంటారు.

కానీ అలా రాయాలంటే అది నిజం కావాలి. రాజమండ్రి వాళ్ళకి పీఓ పంపి, 500 చొప్పున దించడం, సీజన్ దాకా అదే రేటు అన్నవి అందులో రాసి, "అందింది, ఒప్పుకుంటున్నాం" అని వాళ్ళ నుంచి రాతలో తెప్పించుకోండి. నోటిమాట మీద విజయవాడ వాళ్ళని వదులుకుని, రేపు రాజమండ్రి వాళ్ళు పేపర్ రేటు పెరిగింది అంటే ఆవకాయ సీజన్ మధ్యలో పెట్టెల్లేకుండా నిలబడతారు. ఆ అంగీకారం వచ్చిన రోజే విజయవాడకి చెప్పండి, ఆటోనగర్ గారు అన్నట్టు మర్నాటికి వాయిదా వద్దు.

డాలస్_వెంకటగిరి

మాది ఇక్కడ సప్లై చెయిన్ ఉద్యోగమే. మా దగ్గర వద్దన్న ప్రతి సప్లయర్‌కీ, కావాలంటే పది నిమిషాలు ఫోన్‌లో వివరంగా చెప్తాం అని ఉత్తరంలోనే రాస్తాం. ఏ విషయంలో ముందున్నారో, ఎక్కడ వెనకబడ్డారో చెప్తాం, గెలిచినవాళ్ళ రేటు మాత్రం చెప్పం. మేడమ్, ఆయన అడిగినా రాజమండ్రి వాళ్ళ 40.25 చెప్పకండి, అది వాళ్ళు మీకు నమ్మి ఇచ్చిన అంకె.

ఆటోనగర్_డబ్బాలు

అన్నా, అమెరికాలో సంగతి వేరేమో. ఇక్కడ నాకు కావలసిందే ఆ అంకె. రేటు చెప్పకపోతే నేను రేటు వల్లే పోయిందనుకుని తర్వాతి పార్టీకి ఇంకా తగ్గిస్తాను, నష్టపోతాను. "మీకంటే ఎక్కువ రేటుకే ఇచ్చాం" అని తెలిస్తే నా లోపం లోడు సైజులో ఉందని తెలుస్తుంది.

డాలస్_వెంకటగిరి

మీకు అవసరమే, కాదనను. అయినా ఇంకొకరి కొటేషన్ బయటపెట్టే హక్కు కొనేవాళ్ళకి లేదనే నా అభిప్రాయం. ఈ రోజు వాళ్ళది మీకు చెప్పినవాళ్ళు రేపు మీది ఇంకొకరికి చెప్తారు.

జీడిమెట్ల_పర్చేజ్

అంకె లేకుండా "నిర్ణయం రేటు వల్ల కాదు" అని రాయొచ్చు. ఆటోనగర్ గారికి కావలసింది చాలావరకు అందులో వస్తుంది. అంతకు మించి మీ ఇద్దరూ ఎప్పటికీ ఒప్పుకోరు, కొనేవాళ్ళు అమ్మేవాళ్ళు కదా.

ఆటోనగర్_డబ్బాలు

చాలావరకు వస్తుంది, మొత్తం రాదు. సరే వదిలేద్దాం. మేడమ్, నేను అడగాల్సింది ఇంకోటి ఉంది. డై చేయించారా ఆయన? పెట్టె మీద పేరు ప్రింట్ వేసే అచ్చు, స్టీరియో?

తణుకు_పచ్చళ్ళు

అరల అట్ట కోయడానికి డై చేయించారు. శాంపిళ్ళ మీద మా బ్రాండ్ పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ప్రింట్ చేసి చూపించారు, అంటే స్టీరియో కూడా ఉన్నట్టే. డబ్బు సంగతి ఎవరం ఎత్తలేదు. ఇంకోటి, సీసాల భుజాలు ఒకదానికొకటి రాసుకుని లేబుల్ చిరుగుతోందని ఆయనే కనిపెట్టి అర ఎత్తు అర అంగుళం పెంచమన్నారు. ఆ తర్వాత శాంపిల్ లోడులో ఒక్క లేబుల్ కూడా పాడవలేదు.

ఆటోనగర్_డబ్బాలు

అర ఎత్తు పెంచే ఆలోచన రాజమండ్రి వాళ్ళకి ఇచ్చారా? నిజం చెప్పండి. మా లైన్‌లో ఎక్కువ బాధ కలిగేది అక్కడే. మా శాంపిల్ తీసుకెళ్ళి పక్కవాడి టేబుల్ మీద పెట్టి "ఇలాగే చెయ్యి" అంటారు.

తణుకు_పచ్చళ్ళు

శాంపిల్ పంపలేదండి. రాజమండ్రి వాళ్ళు సీసాలు తీసుకెళ్ళి కొలుచుకున్నారు. కానీ లేబుల్ చిరిగే సమస్య ఉంది, అర ఎత్తుగా ఉండాలి అని చెప్పాను. చెప్పకుండా ఎలా ఉండగలను, మళ్ళీ లేబుళ్ళు చిరిగితే షాపువాళ్ళు సరుకు వెనక్కి ఇస్తారు.

గచ్చిబౌలి_ఫుడ్స్

ఇందులో తప్పేముంది? సీసా మీది, సమస్య మీది, ఎత్తు ఎంత ఉండాలో ఎవరు కొలిచినా అంతే వస్తుంది.

ఆటోనగర్_డబ్బాలు

వస్తుంది, కానీ కనిపెట్టింది ఆయన. నేనైతే డై ఖర్చు అడుగుతాను, అడగకముందే ఇస్తామంటే ఆ పార్టీని మర్చిపోను. మా దగ్గర మామూలుగా శాంపిల్ పెట్టెలు ఫ్రీ, డై, స్టీరియో ఖర్చు మొదటి బిల్లులో వేస్తాం. ఆర్డర్ రాకపోతే అది మా నెత్తినే.

జీడిమెట్ల_పర్చేజ్

డబ్బు విషయంలో నాది వేరే మాట. కొటేషన్‌లో డై చార్జీ అని రాయకపోతే అది ఆయన అమ్మకం ఖర్చు. ప్రతి కొటేషన్‌కీ కొనేవాళ్ళు డబ్బు కట్టడం మొదలుపెడితే చిన్న యూనిట్లు ఇద్దరు ముగ్గురిని అడగడమే మానేస్తాయి. కానీ స్టీరియో సంగతి వదలకండి. దాని మీద మీ బ్రాండ్, మీ లైసెన్స్ నంబర్ ఉన్నాయి. ఆ స్టీరియో పాడుచేసేయమని గానీ మీకు పంపమని గానీ మర్యాదగా అడగండి. ప్రింట్ చేసిన శాంపిల్ పెట్టెలు ఆయన దగ్గర మిగిలుంటే వాటిని కూడా.

నెల్లూరు_మిల్లు

ఇప్పుడు అర్థమైంది, నేను వేరే అనుకున్నాను. డై డబ్బు మాత్రం ఇవ్వండి మేడమ్. మాకు సంచుల మీద బ్రాండ్ బొమ్మకి స్క్రీన్ చేసినవాడికి ఇవ్వలేదు, ఇప్పుడు వాడి దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లట్లేదు.

గచ్చిబౌలి_ఫుడ్స్

ఫోనా, మెసేజా? నేనైతే మెసేజ్ ఒక్కటే పెడతాను. ఫోన్‌లో అయితే ఏదో ఒకటి ఒప్పుకునేస్తాను.

జీడిమెట్ల_పర్చేజ్

ముందు ఫోన్. యూనిట్‌కి వచ్చి సీసాలు కొలిచిన మనిషికి ఆ మాట వాట్సాప్‌లో మొదటిసారి తెలియకూడదు. రెండు నిమిషాల ఫోన్, అందులో బేరం మాట్లాడవద్దు, "వివరంగా రాసి పంపుతున్నానండి" అని పెట్టేయండి. గంటలోపు రాత వెళ్ళాలి. మెయిల్ ఉంటే మెయిల్‌లో కొటేషన్ నంబర్, తేదీ వేసి పంపి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఫోన్‌లో గాభరాగా ఏదైనా నోరు జారినా, రాత స్పష్టంగా ఉంటే అదే నిలుస్తుంది.

తణుకు_పచ్చళ్ళు

రాజమండ్రి వాళ్ళ నుంచి పీఓకి అంగీకారం మెయిల్‌లో వచ్చింది. అందరూ చెప్పినవి పెట్టుకుని మళ్ళీ రాశాను. చూసి చెప్పండి.

"నమస్కారం అండి. ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, ఈ సీజన్ పెట్టెల ఆర్డర్ వేరే సప్లయర్‌కి ఇచ్చాం. అందుకని మీ కొటేషన్ తీసుకోలేకపోతున్నాం.

ఈ నిర్ణయం రేటు వల్ల కాదు, మీ పెట్టె నాణ్యత వల్ల అసలే కాదు. మా గదిలో 800 పెట్టెలకి మించి పట్టవు, 500 చొప్పున దించుకునే వీలు మాకు తప్పనిసరి అయింది. మీ గోడౌన్‌లో ఉంచడానికి మీరు చెప్పిన పద్ధతి న్యాయమైనదే, ముందు అంత డబ్బు పెట్టే స్థితిలో మేం లేము.

మీరు స్వయంగా వచ్చి సీసాలు కొలుచుకున్నారు, నలిగిన అరలు అడగకుండానే మార్చి పంపారు. లేబుళ్ళు ఎందుకు చిరుగుతున్నాయో మాకు అంతుబట్టలేదు, మీరు చూడగానే చెప్పారు. ఆ ఒక్క మార్పుతో మా సరుకు వెనక్కి రావడం ఆగింది. దానికి మా యూనిట్ అందరి తరఫున కృతజ్ఞతలు.

మన మధ్య ఆర్డర్ ఏదీ పెండింగ్‌లో లేదు కాబట్టి మా కోసం పేపర్ తెప్పించవద్దు, మెషిన్ ఆపుకోవద్దు. ఇప్పటికే ఏమైనా తెప్పించి ఉంటే దయచేసి ఈ వారంలో చెప్పండి. అరల డైకి అయిన ఖర్చు తెలియజేస్తే పంపుతాం. మా బ్రాండ్ పేరుతో ఉన్న స్టీరియో, మిగిలిన ప్రింట్ పెట్టెలు మా ట్రాన్స్‌పోర్ట్ ఖర్చుతో పంపించగలరు."

జీడిమెట్ల_పర్చేజ్

బాగుంది. ఒక్కచోట ఆగాను. "ఇప్పటికే తెప్పించి ఉంటే చెప్పండి" అంటే చెల్లిస్తామని మాట ఇచ్చినట్టు అవుతుంది. ఆయన 30 వేల రూపాయల రీళ్ళు ఉన్నాయి అంటే? దాన్ని తీసేయండి, ఫోన్‌లో ఆయనే ఎత్తితే అప్పుడు చూసుకోండి. డై గురించి మీరు నిర్ణయించుకున్నారు, సరే.

ఆటోనగర్_డబ్బాలు

ఆ వాక్యం ఉంచితే మంచిదని నేనంటాను, కానీ డబ్బు మీది. "మళ్ళీ మాట్లాడుకుందాం" అని లేకపోవడం నాకు నచ్చింది. అవసరమైతే వాళ్ళే పిలుస్తారు, నాకు ఆ ఆశ పెట్టనక్కర్లేదు.

డాలస్_వెంకటగిరి

"వచ్చే ఏడాది టెండర్‌కి పిలుస్తాం" లాంటిది నిజంగా పిలిచే ఉద్దేశం ఉంటేనే రాయాలి. మీరు రాయకపోవడమే కరెక్ట్.

తణుకు_పచ్చళ్ళు

రీళ్ళ వాక్యం తీసేసి పంపాను. ముందు ఫోన్ చేశాను, గొంతు కొంచెం వణికింది కానీ నిర్ణయం చెప్పేశాను. ఆయన "రేటు ఎంతకి ఇచ్చారు" అని అడిగారు, అది చెప్పలేనండి అన్నాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. మెయిల్ చూశాక సాయంత్రం ఇలా జవాబు వచ్చింది: "అమ్మా, అర్థమైంది. 38.75కి, 1500 చొప్పున దించుతాను, ఒకసారి ఆలోచించండి. డై 6,000 అయింది." ఇప్పుడేం రాయాలి? 1500 అంటే మా గదికి ఇప్పటికీ ఎక్కువే.

జీడిమెట్ల_పర్చేజ్

ఇది వస్తుందనే అనుకున్నాను. ఆ 1500ని చర్చలోకి తీసుకోకండి. "1500 కూడా మాకు ఎక్కువండి" అని రాశారంటే 1000 వస్తుంది, రేపు 500 వస్తుంది. అప్పుడు రాజమండ్రికి ఇచ్చిన పీఓ ఏం చేస్తారు? అది మాత్రం అసలైన ఒప్పందం. రెండు వాక్యాలు చాలు: "ఇంకా దిగి వచ్చినందుకు ధన్యవాదాలు. ఆర్డర్ ఇచ్చేశాం, వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి ఇప్పుడు మార్చలేం." కారణం మళ్ళీ రాయవద్దు. డై సంగతి వేరే మెసేజ్‌లో.

లా_సెకండియర్

డై మొత్తం 6,000 ఇచ్చేస్తే డై మేడమ్‌ది అవుతుంది కదా? అప్పుడు డై కూడా అడగాలి. సగం ఇస్తే ఎవరిది?

ఆటోనగర్_డబ్బాలు

తమ్ముడూ, ఇది మంచి ప్రశ్న. పార్టీ మొత్తం కడితే డై పార్టీదే, చాలామంది మా దగ్గరే ఉంచుతారు, అడిగితే ఇస్తాం. సగం కట్టినప్పుడు మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చూస్తారు, ముందే రాసుకోకపోతే గొడవే. మేడమ్, మొత్తం ఇచ్చేట్టయితే బిల్లు అడగండి, దాని మీద సీసా సైజు, "అరల డై" అని రాయించండి. ఆ డై రాజమండ్రి వాళ్ళ పంచింగ్ మెషిన్‌కి సరిపోతుందో లేదో ముందు కనుక్కోండి, సరిపోకపోతే తెచ్చి ఏం చేసుకుంటారు.

తణుకు_పచ్చళ్ళు

రెండు వాక్యాలూ అలాగే పంపాను, "సరే అమ్మా, శుభం" అని వచ్చింది. డై డబ్బు మొత్తం ఇస్తున్నాం, బిల్లు అడిగాను. రాజమండ్రి వాళ్ళని మెషిన్ సైజు అడిగితే రేపు చెప్తామన్నారు. స్టీరియో ట్రాన్స్‌పోర్ట్‌లో వేశారట, రసీదు ఫోటో పంపారు.

గచ్చిబౌలి_ఫుడ్స్

మా పౌచ్‌ల వాళ్ళకి సిలిండర్లు ఉన్నాయి, ఒక్కో రంగుకి ఒకటి, డై కంటే చాలా ఖరీదు, డబ్బు మేమే కట్టాం, ఇప్పుడు సప్లయర్‌ని మారుద్దామంటే ఇవ్వట్లేదు. దాని మీద వేరే థ్రెడ్ వేస్తాను, జీడిమెట్ల గారూ, ఆటోనగర్ గారూ, ఒకసారి చూడండి.